చీరల కేటలాగ్ షూట్: ఫోటోగ్రాఫర్‌కు మెయిల్ ఎలా రాయాలి?

"కొత్త సరుకు వచ్చింది, ఫోటోలు తీయాలి, రేటు చెప్పండి" అని ఒక్క ముక్క రాస్తే ఫోటోగ్రాఫర్ కూడా ఒక్క ముక్కలోనే జవాబిస్తాడు: రోజుకు ఇంత. ఆ రోజులో ఎన్ని చీరలు అవుతాయి, చీర ఎవరు కడతారు, ఫోటోలు ఎప్పుడు చేతికొస్తాయి, రంగు తేడా వస్తే ఎవరు సరిచేస్తారు అన్న ప్రశ్నలన్నీ చీరలు విప్పి పరిచాక, లైట్లు వెలిగాక ఒక్కొక్కటిగా బయటకొస్తాయి. అప్పటికి గడియారం తిరుగుతూ ఉంటుంది. అవన్నీ ముందే తేల్చేసే మెయిల్ ఎలా రాయాలో ఇక్కడ వరసగా చెబుతాను.

ఉదాహరణకు మంగళగిరిలో ఒక చేనేత చీరల కొట్టు తీసుకుందాం. శ్రావణ మాసం అమ్మకాల కోసం 24 చీరల చిన్న కేటలాగ్ కావాలి. మంగళగిరి కాటన్ 14, మంగళగిరి పట్టు 6, గద్వాల 4. కేటలాగ్ అచ్చు కూడా వేయిస్తారు, వాట్సాప్‌లోనూ సొంత వెబ్‌సైట్‌లోనూ పెడతారు. మీ లెక్క వేరుగా ఉండొచ్చు కానీ మెయిల్ రాసే వరస ఇదే.

మొదట తేదీ, అక్కడి నుంచి వెనక్కి

మెయిల్‌లో గడువు మాట చివర్లో వస్తుంది. లెక్క మాత్రం అన్నిటికన్నా ముందు వేసుకోవాలి. షూట్ ఎప్పుడు పెట్టుకోవాలో అదే చెబుతుంది.

2026లో శ్రావణం ఆగస్టు 13న మొదలవుతుంది. ఆ లోపు కేటలాగ్ కొట్టుకు చేరాలంటే ఆగస్టు 10కి ప్రెస్ నుంచి రావాలి. ప్రెస్‌కు అయిదు రోజులు ఇస్తే ఆగస్టు 5న ఫైలు వాళ్ల చేతిలో ఉండాలి. అంటే 4వ తేదీకి ఫోటోలన్నీ ఫైనల్ కావాలి. సవరణలకు మూడు రోజులు, అసలు ఎడిటింగ్‌కు ఓ వారం, మీరు ఫోటోలు ఎంచుకోవడానికి ఒకటి రెండు రోజులు తీసేస్తే షూట్ జూలై 20, 21 తేదీల్లో పడుతుంది.

ఈ తేదీల్లో ఇంకో సౌకర్యం కూడా ఉంది. ఆ ఏడాది జూలై 15 నుంచి ఆగస్టు 12 వరకు ఆషాఢం. పెళ్లి ముహూర్తాలు ఉండవు కాబట్టి మన ఊళ్లలో పెళ్లిళ్లు తీసే ఫోటోగ్రాఫర్లు కాస్త తీరికగా ఉంటారు, ఎడిటింగ్ చేసే వాళ్ల చేతులూ ఖాళీగా ఉంటాయి. శ్రావణం మొదలైందంటే మీ చీరల ఫోటోలు పెళ్లి ఆల్బమ్‌ల వెనక వరసలో నిలబడాల్సిందే. అందుకే ఈ పనికి ఆషాఢాన్ని మించిన నెల లేదని నా గట్టి అభిప్రాయం. ఇక్కడో చిక్కు కూడా ఉంది. కొట్లో ఆషాఢం సేల్ నడిచేదీ అప్పుడే. చీరలు మడతపెట్టే మనిషిని రెండు రోజులు షూట్‌కు పంపగలరో లేదో ముందే చూసుకోండి.

షాట్ లిస్టు కౌంటర్ దగ్గరే పుడుతుంది

ఎలాంటి ఫోటోలు కావాలో ఆలోచిస్తూ కూర్చుంటే ఎక్కడో చూసిన ఫోటోలే మనసులోకి వస్తాయి. దానికి బదులు కొట్టుకొచ్చిన మనిషి చీర చేతిలోకి తీసుకోగానే ఏం చేస్తుందో గుర్తుతెచ్చుకోండి. ముందు ఒంటి మీద వేసుకుని అద్దంలో చూసుకుంటుంది. తర్వాత పల్లు విప్పమంటుంది. అంచు వేళ్ల మధ్య పట్టుకుని ఎంత వెడల్పు ఉందో చూస్తుంది. బట్ట వెలుతురుకు ఎత్తి పట్టి పలచనా, గట్టిదా అని చూస్తుంది. చివరగా రవిక ముక్క ఉందా, ఏ రంగు అని అడుగుతుంది. ఫోన్‌లో చీర చూసే మనిషికి ఇవన్నీ ఫోటోలే చెప్పాలి. అందుకే చీరకు అయిదు షాట్లు సరిపోతాయి.

మొదటిది కట్టిన చీర ముందు నుంచి, నిలువునా. కుచ్చిళ్లు కనబడాలి, కింద అంచు నేలకు ఆనుతున్నంత వరకు ఫ్రేములో ఉండాలి. రెండోది వెనక నుంచి, పల్లు భుజం మీద నుంచి పూర్తిగా పరిచి. మూడోది పల్లు ఒక్కటే, పైనుంచి పరిచి తీసింది. నాలుగోది అంచు, ఒడలు కలిసే చోటు, బాగా దగ్గరగా. అయిదోది మడత చీర, పక్కన రవిక ముక్క.

నాలుగో షాట్ గురించి మెయిల్‌లో రెండు వాక్యాలు ఎక్కువే రాయండి. మంగళగిరి నిజాం అంచులో జరీ చారల పక్కన గుడి గోపురాల్లాంటి చిన్న చిన్న మొనలు వరసగా ఉంటాయి. ఆ మొనలు విడివిడిగా లెక్కపెట్టేంత స్పష్టంగా రావాలి. మగ్గం మీద నేసిన బట్టలో అక్కడక్కడ నూలు కాస్త లావుగా కనబడుతుంది, ఎడిటింగ్‌లో దాన్ని మచ్చ అనుకుని తుడిచేయకూడదు. అది చేనేత గుర్తు. అది పోతే ఫోటోలో చీర మిల్లు బట్టలా తేలిపోతుంది.

గద్వాల చీరలకు ఒక షాట్ అదనం. ఒడలు నూలు, అంచూ పల్లూ పట్టు. ఆ రెండూ కలిసే అతుకు చీర తిరగేస్తేనే తెలుస్తుంది, గద్వాల తెలిసిన వాళ్లు చూసేదీ అదే. కాబట్టి ఆ నాలుగు చీరలకు వెనక వైపు అతుకు దగ్గరగా తీయాలి. కవర్ కోసం చీరలు గుత్తిగా పెట్టి తీసేవి రెండు.

ఇప్పుడు లెక్క చూడండి. 24 చీరలకు అయిదేసి చొప్పున 120, గద్వాలకు 4, కవర్‌కు 2. మొత్తం 126 ఫోటోలు. ఈ సంఖ్య మెయిల్‌లో ఉంటేనే ఫోటోగ్రాఫర్ సరైన రేటు చెప్పగలడు.

సంఖ్యతో పాటు సమయం కూడా మీరే అంచనా వేయండి. కొట్లో చీర కట్టి నిలబెట్టే బొమ్మకు చీర కట్టి, సర్ది, రెండు షాట్లు తీసి విప్పడానికి చీరకు 20 నిమిషాలు అనుకోండి. 18 చీరలకు ఆరు గంటలు, మొదటి రోజు దానికే పోతుంది. మిగిలిన ఆరు చీరలు మోడల్ మీద, ఒక్కోదానికి అరగంట చొప్పున మూడు గంటలు. పరిచి తీసే మూడు షాట్లకు చీరకు ఎనిమిది నిమిషాలు వేస్తే 24 చీరలకు మూడు గంటల పైన పడుతుంది. ఇదంతా రెండో రోజు. గద్వాల అతుకులు, కవర్ ఫోటోలు ఆ సాయంత్రానికి. ఫోటోగ్రాఫర్ ఈ లెక్క చూసి "నాకు బొమ్మ మీద పదిహేను నిమిషాలు చాలు" అనో "అరగంట కావాలి" అనో చెబుతాడు. ఏదన్నా మంచిదే, ఆ మాట ముందే తెలిసింది కదా.

రంగు: వాపసు వచ్చేది ఇక్కడే

ఆన్‌లైన్‌లో కొన్న చీర తిరిగొస్తే ఎక్కువగా వినబడే మాట "ఫోటోలో వేరే రంగు". అందుకని మెయిల్‌లో రంగుకు ప్రత్యేకంగా ఒక పేరా ఇవ్వండి.

కష్టమైన రంగులు ఏవో పేరు పెట్టి చెప్పండి. రాణీ రంగు, ఆనంద బ్లూ, నెమలి కంఠం రంగు, వంగపండు రంగు లాంటివి కెమెరాలో ఒకలా, తెరమీద ఇంకోలా, అచ్చులో మరోలా కనబడతాయి. పడుగు ఒక రంగు, పేక ఇంకో రంగు ఉన్న పట్టు చీర అయితే కోణం మారితే రంగే మారిపోతుంది. అలాంటి చీరలకు లైటు ఒక పక్క నుంచి పడాలి, కుచ్చిళ్ల మలుపుల్లో రెండు రంగులూ కనబడాలి. ఎదురుగా లైటు కొడితే ఒక రంగు తినేస్తుంది.

జరీ సంగతి వేరు. చిన్న లైటు నేరుగా పడితే జరీ తెల్లగా కాలిపోయి, డిజైన్ లేని తెల్ల పట్టీలా వస్తుంది. వెలుతురును మెత్తగా పరిచే పెద్ద సాఫ్ట్‌బాక్స్ పక్క నుంచి పెడితే మెరుపూ ఉంటుంది, నేతా కనబడుతుంది. ఇది చెప్పడం ఫోటోగ్రాఫర్‌కు పని నేర్పడం కాదు. "జరీలో నేత కనబడాలి" అని మీకు కావాల్సిన ఫలితం రాయండి, లైటు ఎక్కడ పెట్టాలో అతని ఇష్టానికి వదలండి.

సన్న గళ్లు, సన్న చారలు ఉన్న చీరలుంటే వాటి నంబర్లు ఇవ్వండి. అలాంటి నేత మీద కెమెరా ఒక్కోసారి లేని అలలను, రంగుల చారలను పుట్టిస్తుంది. కెమెరా వెనక చిన్న తెర మీద అది నిజంగా ఉందో లేదో తెలియదు. ఫోటోను కంప్యూటర్‌లో నూటికి నూరు శాతం సైజులో చూస్తేనే బయటపడుతుంది. కెమెరా దూరమో కోణమో కొంచెం మారిస్తే చాలావరకు పోతుంది, కానీ ఆ మార్పు చీర సెట్టు మీద ఉన్నప్పుడే జరగాలి. తర్వాత ఎడిటింగ్‌లో తీయబోతే బట్ట అలుక్కుపోతుంది.

ప్రతి చీర మొదటి షాట్‌లో గ్రే కార్డు అనే బూడిద రంగు అట్ట పెట్టి ఒక ఫోటో తీయమని అడగండి. రంగు సరిచేయడానికి అది ఆధారం. కొట్లోనే షూట్ పెట్టుకుంటే ట్యూబ్‌లైట్లన్నీ ఆపేసి, గాజు తలుపుకు తెర వేసి ఇస్తామని కూడా రాయండి. బయటి వెలుతురు, ట్యూబ్‌లైటు, స్టూడియో లైటు మూడూ ఒకే చీర మీద పడితే గ్రే కార్డు కూడా కాపాడలేదు. చీరలో ఒక్కో భాగం ఒక్కో రంగు తిరుగుతుంది.

సరిచూసే పద్ధతి కూడా ఇద్దరూ ఒప్పుకున్నదై ఉండాలి. నేను చెప్పేది ఇది: ఎడిట్ అయిన నాలుగు నమూనా ఫోటోలు ముందు పంపమనండి. వాటిని వాట్సాప్‌లో కాకుండా డ్రైవ్ లింకులో తెప్పించుకోండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో నాణ్యత తగ్గిపోతుంది. ఫోన్‌లో రాత్రి మోడ్, కళ్లకు హాయి అని పసుపు రంగు కలిపే సెట్టింగ్ ఆపేయండి. పగటిపూట కొట్టు గుమ్మం దగ్గర, ఎండ నేరుగా పడని చోట చీర పట్టుకుని ఫోన్ పక్కన పెట్టి చూడండి. కౌంటర్ లైట్ల కింద చూసి తీర్పు చెప్పొద్దు. అచ్చులో రంగు కాస్త తగ్గితే అది ఫోటోగ్రాఫర్ తప్పు కాదు. రాణీ రంగు, ఆనంద బ్లూ లాంటి ధగధగలాడే రంగులు నాలుగు సిరాల అచ్చులో అంతే మెరుపుతో రావు. దానికి ప్రెస్ నుంచి ప్రూఫ్ తెప్పించుకోవాలి.

ప్రాప్స్, చీరతో పాటు వెళ్లేవి

ప్రాప్స్ అనగానే ఇత్తడి బిందె, మల్లెపూలు, దీపపు కుందె గుర్తొస్తాయి. వాటికన్నా ముందు రాయాల్సినవి ఫోటోలో కనబడని సామాన్లు. మోడల్ వేసుకునే లోపలి లంగా వీటిలో మొదటిది. లేత రంగు చీర కింద ముదురు లంగా ఉంటే నడుము కింద అంతా నీడ పడినట్టు వస్తుంది. లేత చీరలకు అదే వన్నె లంగా, లేదంటే మీగడ రంగుది పెట్టాలి. ఆరు చీరలకు ఏ లంగా వెళ్తుందో చీర నంబరు పక్కనే రాసేయండి. రవికలు ఎవరివి, ఏ కొలత అన్నది కూడా ముందే తేలాలి. రవిక ముక్క కత్తిరిస్తే ఆ చీర అమ్మకానికి పనికిరాదు కాబట్టి విడిగా కుట్టించినవే వాడాలి.

బొమ్మకు చీర కట్టేటప్పుడు పిన్నీసులు గుచ్చే అలవాటు ఉంటుంది. పట్టు మీదా జరీ మీదా ఆ రంధ్రం మిగిలిపోతుంది. బొమ్మ వెనక క్లిప్పులు మాత్రమే వాడమని స్పష్టంగా రాసి, క్లిప్పులు మీరే పంపండి. స్టీమర్ ఉందో లేదో అడగండి. గంజి పెట్టిన కాటన్‌కు ఆవిరి ఎక్కువ పడితే మెత్తబడి కుచ్చిళ్లు నిలవవు. కాటన్ చీరలకు ఐరన్, పట్టుకు మాత్రం పైన బట్ట వేసి తక్కువ వేడితో ఐరన్ అని విడివిడిగా చెప్పండి. ఈ పని తెలిసిన మీ మనిషినే పంపగలిగితే సగం తలనొప్పి తీరుతుంది. షూట్ అయ్యాక చీరను పాత మడతల్లోకే తిరిగి పెట్టేదీ ఆ మనిషే.

ఇక కనబడే ప్రాప్స్. కవర్ ఫోటోలకు, అయిదో షాట్‌కు తప్ప మిగతా వాటిలో అసలు వద్దని నా సలహా. ఇత్తడి మీద చీర రంగు పడి కనబడుతుంది, తెల్ల కాటన్ పక్కన పెడితే చీర మీదే పసుపు ఛాయ తిరుగుతుంది. అందుకని ఇత్తడి చీరకు అర గజం దూరంలో ఉండాలి. పసుపు, కుంకుమ, గంధం, నూనె సెట్టు మీదకే రాకూడదు. వత్తి వెలిగించని కుందె చాలు. మల్లెలు కావాలంటే కవర్ ఫోటో రెండో రోజు సాయంత్రానికి పెట్టుకోండి. పొద్దున తెచ్చిన మల్లెలు లైట్ల వేడికి మధ్యాహ్నానికే రంగు మారతాయి. ప్రతి వస్తువు పక్కన ఎవరు తెస్తారో రాయండి. "ప్రాప్స్ మీరు చూసుకోండి" అంటే మీకు నచ్చని ప్లాస్టిక్ పూలకు కూడా మీరే డబ్బు కట్టాలి.

ఫైళ్లు, హక్కులు, డబ్బు

ఫైళ్ల గురించి ఎక్కువ రాయక్కర్లేదు. ఒక్కో ఫోటో రెండు రకాలుగా అడగండి. అచ్చుకు పూర్తి సైజు, వెబ్‌సైటుకు పొడుగు వైపు 2000 పిక్సెళ్లు, రంగు సెట్టింగ్ sRGB. ఏ4 పేజీ నిండా ఫోటో వేయాలంటే 2480 × 3508 పిక్సెళ్లు ఉండాలి, ఇప్పటి కెమెరాలన్నిటికీ అది తేలికే. చీర చుట్టూ కాస్త ఖాళీ వదలమనండి, వాట్సాప్ కేటలాగ్‌లో చదరంగా కత్తిరించినప్పుడు తల, పాదం పోకుండా ఉంటుంది. అమెజాన్ లాంటి చోట అమ్మేవాళ్లయితే మొదటి ఫోటోకు అచ్చమైన తెల్ల నేపథ్యం కావాలి, ఫ్రేములో 85 శాతం సరుకే ఉండాలి. నేపథ్యం కత్తిరించే పని విడిగా లెక్కకొస్తుంది కాబట్టి ముందే చెప్పాలి.

ఫైలు పేరులో చీర కోడ్, షాట్ నంబరు ఉండాలి. MC అంటే మంగళగిరి కాటన్, MP అంటే మంగళగిరి పట్టు, GD అంటే గద్వాల. కేటలాగ్ పేజీలు కట్టే డిజైనర్‌కు ఇది లేకపోతే ఎర్ర చీరలన్నీ ఒక్కలాగే కనబడతాయి.

```
MC-07_1.jpg
MC-07_4.jpg
GD-02_6.jpg
```

హక్కుల మాట చాలామంది ఎత్తరు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బిచ్చి తీయించుకున్న ఫోటోకు, వేరే ఒప్పందం లేకపోతే, తీయించుకున్న వాళ్లే మొదటి యజమాని. "వేరే ఒప్పందం లేకపోతే" అన్నది గుర్తుంచుకోండి. ఫోటోగ్రాఫర్ పంపే కొటేషన్ కింద చిన్న అక్షరాల్లో హక్కులు తనవేనని ఉండి, మీరు దానికి సరేనంటే కథ మారుతుంది. అందుకని ఎక్కడెక్కడ వాడతారో మెయిల్‌లోనే రాసి ఒప్పుకోమనండి. అతను తన పేజీలో నమూనాగా పెట్టుకుంటానంటే పెద్దమనసుతో ఒప్పుకోండి, కానీ తేదీ పెట్టండి. కొత్త డిజైన్లు మీ కేటలాగ్ కన్నా ముందు బయటపడితే పవర్‌లూమ్ మీద నకలు రావడానికి ఎంతో కాలం పట్టదు. మోడల్ సమ్మతి పత్రం ఎవరు తీసుకుంటారో కూడా ఒక వాక్యం రాయండి.

మొత్తం మెయిల్

ఇప్పటివరకు చెప్పినదంతా కలిపితే మెయిల్ ఇలా వస్తుంది. చుక్కలున్న చోట మీ వివరాలు నింపుకోండి.

---

విషయం: 24 చేనేత చీరల కేటలాగ్ షూట్, మంగళగిరి, జూలై 20, 21: కొటేషన్ కోసం

…… గారికి,

నమస్తే. మంగళగిరిలో మాది …… చీరల కొట్టు. మీరు తీసిన పట్టుచీరల ఫోటోలు చూశాను. జరీ నేత స్పష్టంగా వచ్చింది, అందుకే మీకు రాస్తున్నాను.

శ్రావణ మాసం కేటలాగ్ కోసం 24 చీరలు తీయాలి: మంగళగిరి కాటన్ 14 (MC-01 నుంచి MC-14), మంగళగిరి పట్టు 6 (MP-01 నుంచి MP-06), గద్వాల 4 (GD-01 నుంచి GD-04). షూట్ మా కొట్టు మేడ మీద గదిలో. గది కొలతలు, ఫోటో జతచేశాను. జూలై 20 సోమవారం, 21 మంగళవారం, ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు.

షాట్ లిస్టు, మొత్తం 126
ప్రతి చీరకు:
1. కట్టిన చీర, ముందు నుంచి నిలువునా
2. వెనక నుంచి, పల్లు పరిచి
3. పల్లు మాత్రం, పైనుంచి
4. అంచు, ఒడలు కలిసే చోటు, దగ్గరగా
5. మడత చీర, రవిక ముక్క

గద్వాల నాలుగింటికి 6వ షాట్: వెనక వైపు అతుకు. కవర్‌కు రెండు ఫోటోలు, నమూనా జతచేశాను. 1, 2 షాట్లు 18 చీరలకు బొమ్మ మీద (మొదటి రోజు), MP-01 నుంచి MP-06 వరకు మోడల్ మీద (రెండో రోజు ఉదయం).

రంగు, నేత
ప్రతి చీరకు గ్రే కార్డుతో ఒక ఫోటో కావాలి. MP-02, MP-05 రెండు రంగుల నేత, రెండూ కనబడాలి. MC-03, MC-09 సన్న గళ్లవి, అలలు వస్తున్నాయేమో అక్కడే కంప్యూటర్‌లో చూద్దాం. జరీలో నేత కనబడాలి. ఎడిటింగ్‌లో దుమ్ము, వేలాడే దారాలు, పెద్ద ముడతలు తీయండి. నేతలోని నూలు లావు తేడాలు, చీర రంగు మార్చవద్దు.

ఎవరు ఏం తెస్తారు
మేము: ఐరన్ చేసిన చీరలు, బొమ్మ, క్లిప్పులు, లంగాలు, రవికలు, ఇత్తడి చెంబులు 2, కుందె 1, మల్లెలు (రెండో రోజు సాయంత్రం), చీర కట్టి మడతపెట్టే మనిషి, రెండు రోజులూ భోజనం.
మీరు: కెమెరా, లైట్లు, లేత బూడిద రంగు బ్యాక్‌గ్రౌండ్, లాప్‌టాప్, సహాయకుడు.
మోడల్‌ను మేమే మాట్లాడుకున్నాం, సమ్మతి పత్రం మేమే తీసుకుంటాం.
చీరలన్నీ అమ్మకపు సరుకు. దయచేసి పిన్నీసులు, పసుపు, కుంకుమ, నూనె వద్దు.

తేదీలు
జూలై 23, గురువారం: అన్ని ఫోటోలు చిన్న సైజులో, నంబర్లతో మీ నుంచి
జూలై 24, శుక్రవారం రాత్రి లోపు: మా ఎంపిక
జూలై 25, శనివారం: నాలుగు ఎడిట్ నమూనాలు (MC-03, MP-02, MP-05, GD-01)
జూలై 27, సోమవారం మధ్యాహ్నం లోపు: రంగు మీద మా మాట
జూలై 31, శుక్రవారం: 126 ఎడిట్ ఫోటోలు
ఆగస్టు 1, శనివారం: సవరణలన్నీ ఒకే జాబితాగా మా నుంచి
ఆగస్టు 4, మంగళవారం: ఫైనల్ ఫైళ్లు
మా వైపు ఒక రోజు ఆలస్యమైతే మీ తేదీ కూడా ఒక రోజు జరుగుతుంది. ఆగస్టు 5న ఫైలు ప్రెస్‌కు వెళ్లాలి.

ఫైళ్లు, వాడకం
జేపెగ్, పూర్తి సైజు ఒకటి, పొడుగు వైపు 2000 పిక్సెళ్లది ఒకటి, sRGB, డ్రైవ్ లింకులో. పేరు ఇలా: MC-07_1.jpg. అచ్చు కేటలాగ్, వెబ్‌సైట్, సోషల్ మీడియా, కొట్టు బోర్డుల్లో కాలపరిమితి లేకుండా వాడుకుంటాం. మీరు ఆగస్టు 13 తర్వాత మీ పేజీలో పెట్టుకోవచ్చు.

కొటేషన్‌లో షూట్ చార్జీ, ఎడిటింగ్, ప్రయాణం, జీఎస్టీ విడివిడిగా చూపండి. రెండో విడత సవరణలకూ, అదనపు ఫోటోకూ ఎంతో చెప్పండి. అడ్వాన్స్ ఎంత, మిగతాది ఎప్పుడు అన్నది కూడా. జూలై 4, శనివారం లోపు జవాబు ఇస్తే తేదీలు ఖాయం చేసుకుంటాను. షూట్‌కు ముందు ఒకసారి వచ్చి గది, రెండు మూడు చీరలు చూస్తానంటే సంతోషం.

ఇట్లు,
……
ఫోన్: ……

---

జవాబు వచ్చాక

చీర కోడ్‌లు, తేదీలు పట్టుకుని ప్రశ్నలు అడిగాడంటే మెయిల్ చదివాడని అర్థం. "గది ఎత్తు ఎంత?", "MP-05 ఏయే రంగుల నేత?", "126 ఫోటోలు నాలుగు రోజుల్లో కష్టం, ఆగస్టు 2 అయితే?" లాంటి ప్రశ్నలు మంచి గుర్తు. చివరి దాని మీద బేరం ఆడేకన్నా పనిని విడగొట్టండి. అచ్చుకు వెళ్లే ఫోటోలు, అంటే ప్రతి చీరకు 1, 3, 4 షాట్లు, గద్వాల అతుకులు, కవర్ ఫోటోలు 31వ తేదీకి, వెబ్‌సైటుకు సరిపోయే మిగతావి మూడు రోజుల తర్వాత అనండి. ప్రెస్ తేదీ కదలదు, అతనికీ ఊపిరాడుతుంది.

"అన్నీ ఓకే సార్, చూసుకుంటాను" అని ఒక్క వాక్యం వస్తే మాత్రం అడ్వాన్స్ పంపకుండా ఫోన్ చేయండి. మూడు విషయాలు నోటితో చెప్పించుకోండి: బొమ్మ మీద చీరకు ఎంత సేపు పడుతుంది, రంగు నమూనాలు ఏ రోజు పంపుతాడు, సవరణలు ఎన్ని విడతలు చేస్తాడు. ఫోన్‌లో ఒప్పుకున్నవి అదే మెయిల్‌కు జవాబుగా నాలుగు వాక్యాల్లో రాసి పంపి, "సరే" అని తిరిగి రాయించుకోండి. అడ్వాన్స్ ఆ తర్వాతే.

షూట్ మొదలయ్యే రోజు కోడ్‌లున్న జాబితా రెండు ప్రతులు తీసి, ఒక దాని మీద అతని సహాయకుడి చేత, రెండో దాని మీద మీ మనిషి చేత సంతకం పెట్టించండి. రెండో రోజు సాయంత్రం అదే జాబితాతో 24 చీరలూ, 24 రవిక ముక్కలూ లెక్క చూసుకోండి.